నూటికి 12 లైకులు వచ్చిన రీల్ ఆగిపోయింది, 3 వచ్చింది లక్ష దాటింది

ప్రశ్న: మాది ఆత్రేయపురం. ఇంట్లో పూతరేకులు చేసి పార్శిల్ పంపుతాం. బాక్సులు అందంగా సర్ది, మ్యూజిక్ పెట్టి తీసిన రీల్‌కి లైకులు బాగా వచ్చాయి కానీ అక్కడితో ఆగిపోయింది. మా అత్తగారు కుండ మీద రేకు తీస్తుంటే ఊరికే ఫోన్‌తో తీసినదానికి లైకులు తక్కువే, అది మాత్రం ఎక్కడెక్కడికో వెళ్లింది. ఇంతకీ లైకులు పనికొస్తాయా లేదా? సేవ్, షేర్, వాచ్ టైమ్‌లో దేన్ని చూడాలి?

జవాబు:

లైకు పనికొస్తుందండీ, కాకపోతే ఎక్కువగా మనవాళ్ల దగ్గరే. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో ఈ సంగతి సూటిగానే చెప్పారు. ఏ రీల్ ఎవరికి చూపించాలో తేల్చే ర్యాంకింగ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైనవి మూడు: సగటు వాచ్ టైమ్, చూసినవాళ్లలో ఎంతమంది లైకు కొట్టారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు. మనల్ని ఫాలో అవుతున్నవాళ్లకు చూపించేటప్పుడు లైకుకు కాస్త ఎక్కువ బరువు, ఫాలో కానివాళ్లకు చూపించేటప్పుడు పంపడానికి ఎక్కువ బరువు. మీ రెండు రీల్స్ మధ్య తేడా చాలావరకు ఇందులోనే ఉందని నా అనుమానం. నాకు ఇది మాటల్లో చదివినప్పుడు ఎక్కలేదు. మా రీల్స్ లెక్కలు పక్కపక్కన రాసుకున్నాకే ఎక్కింది. అవే చెప్తాను.

మాది కడియపులంకలో నర్సరీ. మొక్కలు చూడటానికి అందంగా ఉంటాయి కాబట్టి మొదట్లో అన్నీ అందమైన రీల్సే పెట్టేవాణ్ణి. ఒక జనవరిలో బోగన్‌విలియా వరసలన్నీ ఒకేసారి పూశాయి. పొద్దున్నే మంచులో 30 సెకన్ల రీల్ తీశాను. అది 7,500 మందికి చేరింది. లైకులు 930. నేను చాలా సంబరపడ్డాను. షేర్లు 15, సేవ్‌లు 20, సగటున చూసింది 5 సెకన్లు. చూసినవాళ్లలో నూటికి 80 మంది మా ఫాలోవర్లే. మూడో రోజుకి ఇక కదల్లేదు.

ఏప్రిల్‌లో ఇంకో రీల్ పెట్టాను. 28 సెకన్లు. కడియం నుంచి పట్టుకెళ్లిన గులాబీ నెలకే ఎందుకు చచ్చిపోతుంది అన్నది విషయం. అందులో అందం ఏమీ లేదు. ఎండిపోయిన మొక్కను కుండీలోంచి పీకితే కింద నల్ల కవరు అలాగే ఉంటుంది. అంటే కవరు తీయకుండానే నాటేశారన్నమాట. తర్వాత అంటు కట్టిన ముడి చూపించి, దాని కింద నుంచి వచ్చే కొమ్మ మనం కొన్న గులాబీది కాదని, దాన్ని ఎప్పటికప్పుడు తీసేయాలని చెప్పాను. చివర్లో కుండీ అడుగున నీళ్లు పోయే చిల్లు ఉందో లేదో చూసుకోమన్నాను. ఇది 1,04,000 మందికి చేరింది. లైకులు 3,100, షేర్లు 2,600, సేవ్‌లు 4,700. సగటున 17 సెకన్లు చూశారు. చూసినవాళ్లలో నూటికి 93 మంది మా ఫాలోవర్లు కానివాళ్లు.

ఇప్పుడు రెండిటినీ వెయ్యి మంది లెక్కన చూడండి. బోగన్‌విలియాకి వెయ్యికి 124 లైకులు, 2 షేర్లు, 3 లోపు సేవ్‌లు. గులాబీకి వెయ్యికి 30 లైకులు, 25 షేర్లు, 45 సేవ్‌లు. మొత్తాలు చూస్తే గులాబీ రీల్‌కి లైకులు కూడా మూడింతలు ఎక్కువే కాబట్టి లైకుల వల్లే పరిగెత్తిందేమో అనిపిస్తుంది. వెయ్యికి ఎంత అని భాగించి చూస్తే లైకులు నాలుగో వంతుకి పడిపోయాయి, షేర్లు పన్నెండింతలయ్యాయి. ఏ రీల్ లెక్క చూసినా ముందు రీచ్‌తో, అంటే ఎంతమందికి చేరిందో ఆ అంకెతో భాగించండి. భాగించని అంకె మీద నేను ఏడాదిపాటు తప్పు నిర్ణయాలే తీసుకున్నాను.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. లైకుల శాతం తక్కువగా ఉండటం వల్ల ఏ రీల్ అయినా ఎక్కువ దూరం వెళ్తుందని కాదు. వెళ్లడం వల్లే ఆ శాతం తగ్గుతుంది. గులాబీ రీల్ పెట్టిన సాయంత్రం ఒక స్క్రీన్‌షాట్ తీసి ఉంచాను. అప్పటికి 900 మందికి చేరింది, లైకులు 80, షేర్లు 24. అంటే వెయ్యికి 89 లైకులు, 27 షేర్లు. అప్పుడు చూస్తున్నది మనవాళ్లు. మా వదిన, రావులపాలెంలో చదువుకున్నప్పటి స్నేహితులు, పాత కస్టమర్లు. మన మొహం చూసి ఒక లైకు కొట్టేస్తారు. రీల్ నాగ్‌పూర్‌లో ఎవరి ఫోన్లోనో తేలినప్పుడు ఆ మొహమాటం ఉండదు. వాళ్లు పని జరిగిందనిపిస్తే సేవ్ చేసుకుంటారు, వదినగారి గులాబీ కూడా చచ్చిపోయిందని గుర్తొస్తే ఆవిడకి పంపుతారు, లైకు నొక్కడం మాత్రం గుర్తుండదు. చివరికి లైకులు 89 నుంచి 30కి దిగాయి. షేర్లు మాత్రం 27 నుంచి 25కే వచ్చాయి. మనవాళ్ల దగ్గరా పరాయివాళ్ల దగ్గరా దాదాపు ఒకేలా నిలబడింది ఆ ఒక్క అంకే. అందుకే మొదటి సాయంత్రం నేను చూసేది దాన్నే. పాత రీల్‌తో పోల్చాలంటే మాత్రం రెండూ ఒకే దశలో ఉన్నప్పుడు పోల్చాలి. 900 మంది చూసిన రీల్ లైకుల శాతాన్ని లక్ష మంది చూసినదానితో పోలిస్తే ఏమీ తేలదు.

దశలు అని ఎందుకంటున్నానంటే, పంచే పద్ధతే అలా ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో ఇన్‌స్టాగ్రామ్ చెప్పినదాని ప్రకారం, రికమెండేషన్లలోకి రాదగ్గ రీల్‌ని ముందు దాన్ని ఇష్టపడతారనుకున్న కొద్దిమందికి చూపిస్తారు, వాళ్లు ఫాలోవర్లైనా కాకపోయినా. వాళ్ల దగ్గర బాగా ఆడినవాటిని ఇంకాస్త పెద్ద గుంపుకి, అక్కడా ఆడితే ఇంకా పెద్ద గుంపుకి. కాలవ మీద లాకుల్లాగ అనుకోండి. ఒక లాకు దగ్గర ఆగిపోతే అవతలి ఊరికి అసలు నీళ్లే రావు. మీ బాక్సుల రీల్ బాగా లేక ఆగిపోయిందని కాదు, మొదటి గుంపు దాన్ని చూసి లైకు కొట్టి, ఇంకెవరికీ పంపకుండా వెళ్లిపోయి ఉంటారు.

ఇప్పుడు వాచ్ టైమ్ సంగతి. నాకు దీని మీదే గట్టి నమ్మకం, ఎందుకంటే గులాబీ రీల్‌ని నిజానికి రెండుసార్లు పెట్టాను. మొదటిసారి, ఏప్రిల్ మొదట్లో, అదే విషయం, అదే మొక్క, అదే గొంతు. తేడా ఒక్కటే. "నమస్కారమండీ, మాది కడియపులంక, మా నర్సరీలో ఈ రోజు మీకు చెప్పబోయేది ఏంటంటే" అని నాలుగు సెకన్లు నా మొహం పెట్టాను. అది 2,000 మంది దగ్గర ఆగిపోయింది. ఇన్‌సైట్స్‌లో ఎక్కడెక్కడ జనం వెళ్లిపోయారో చూపించే గీత ఉంటుంది కదా, అది మూడో సెకను దగ్గరే సగానికి కూలింది. మొక్కను పీకే దగ్గరికి వచ్చాక మాత్రం గీత దాదాపు చదునుగా ఉంది. అంటే ఉన్నవాళ్లు ఉండిపోయారు. సేవ్‌లు కూడా 60 వచ్చాయి, వెయ్యికి 30. బోగన్‌విలియాకి పదింతలు. అయినా కదల్లేదు. రెండో వెర్షన్‌లో నమస్కారం తీసేసి, మొక్కను పీకడంతోనే మొదలుపెట్టాను. అంతే మార్చింది.

ఒక్క అనుభవంతో సూత్రం చెప్పకూడదు కానీ, తర్వాత కూడా నాకు ఇలాగే కనిపించింది. మొదటి మూడు సెకన్లలో సగం మంది వెళ్లిపోతే మిగతా అంకెలు ఎంత బాగున్నా అవి పనిచేసే అవకాశమే తక్కువ. సేవ్, షేర్ చేసేవాళ్లు చివరిదాకా ఉండాలి కదా. వాచ్ టైమ్ పోల్చేటప్పుడు ఒకే నిడివి ఉన్న రీల్స్ తీసుకోండి. 7 సెకన్ల రీల్‌ని 6 సెకన్లు చూశారంటే గొప్పగా ఉంటుంది, 60 సెకన్ల రీల్‌ని 15 సెకన్లు చూశారంటే దిగులుగా ఉంటుంది. రెండిటినీ పక్కన పెడితే ఏమీ తెలియదు.

వాచ్ టైమ్‌ని నేనే చేతులారా చెడగొట్టుకున్న కథ కూడా ఉంది. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో 200 మంది దాకా ఉన్నారు. రీల్ పెట్టగానే లింకు అందులో వేసి "ఒక లైకు కొట్టండర్రా" అనేవాణ్ణి. మనవాళ్లు మాట తీసేవాళ్లు కాదు, తెరిచి, కొట్టి, బయటికొచ్చేవాళ్లు. రెండు సెకన్లు. మొదటి గంటలో చూసినవాళ్లలో సగం మంది ఇలాంటివాళ్లే అయితే సగటు ఎక్కడికి పోతుంది? 16 సెకన్లు చూసే జనం మధ్యలో అంతేమంది 2 సెకన్లవాళ్లు చేరితే సగటు 9 అవుతుంది. లైకులు పెంచుకున్నానని సంతోషిస్తూ, దానికన్నా ముఖ్యమైన అంకెను సగానికి దించుకున్నాను. ఇప్పుడు గ్రూపులో లింకు వేయడం మానేశాను. మా పెదనాన్నకి కోపం వచ్చింది, నన్ను మర్చిపోయావురా అని. ఏం చెప్పాలో తెలియక ఆయనకి ఒక మామిడి అంటు ఇచ్చాను.

వాట్సాప్ మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. చాలామంది రీల్‌ని డౌన్‌లోడ్ చేసి వీడియోగానే గ్రూపుల్లో తిప్పుతారు, స్టేటస్ పెట్టుకుంటారు. అలా చూసినవాళ్లు ఎంతమందైనా ఇన్‌స్టాగ్రామ్‌కి ఆ చూపులేవీ తెలియవు. మనమే ఆ వీడియో ఫైల్ పంచిపెడితే మన షేర్లు మనమే తినేసినట్టు. ఎవరైనా అడిగితే నేను లింకే పంపుతాను, అది కూడా నిజంగా ఆ విషయం కావాల్సినవాళ్లకి మాత్రమే.

అలాగని షేర్లన్నీ బంగారం కాదు. ఇది నాకు బాగా తగిలిన దెబ్బ. మా బాబాయి, ఒక కస్టమర్ 40 రూపాయల మందార దగ్గర బేరమాడుకుంటుంటే పక్కనుంచి తీసి, వాళ్లిద్దరినీ అడిగే పెట్టాను. నవ్వొచ్చే మాటలు. 3,80,000 మందికి చేరింది. స్నేహితులకి పంపినవాళ్లే వేలల్లో. ఫాలోవర్లు 5,000 నుంచి 8,100 అయ్యారు. నెలలో ఆర్డర్లు చూస్తే ఎప్పటిలాగే ఉన్నాయి, ఒక్కటి పెరగలేదు. సరే, నష్టమేముందిలే అనుకున్నాను. తర్వాత మందారకి పట్టే పిండినల్లి గురించి మంచి రీల్ పెట్టాను. ఎప్పుడూ మొదటి రోజు 15, 16 సెకన్లు చూసేవాళ్లు, ఆ రోజు సగటు 7. కారణం వెతికితే కష్టమేం కాలేదు. కొత్తగా వచ్చిన 3,100 మంది బాబాయి కోసం వచ్చినవాళ్లు. వాళ్లకి పిండినల్లి ఎందుకు? రీల్ వాళ్ల ముందుకు వెళ్తుంది, వాళ్లు వేలితో పైకి తోసేస్తారు, మన మొదటి అంకెలు పడిపోతాయి. మళ్లీ మామూలు స్థితికి రావడానికి నాకు మూడు నెలలు పట్టింది. కాబట్టి షేర్ల అంకె చూశాక కామెంట్లు కూడా చదవండి. గులాబీ రీల్ కింద "అక్కా ఇది చూడు, నీ మొక్క", "ఏవండీ చిల్లు లేదు మన కుండీకి" అని ట్యాగ్‌లు ఉన్నాయి. బాబాయి రీల్ కింద నవ్వు బొమ్మలే. రెండూ షేర్లే, కానీ ఒకదాంట్లో పంపినవాళ్లు మొక్కలున్నవాళ్లకి పంపారు.

సేవ్ గురించి బయట చాలా గొప్పగా చెప్తారు, సేవ్ ఒక్కటుంటే చాలు అన్నట్టు. నేను అంతగా నమ్మను. ఇన్‌స్టాగ్రామ్ 2023లో తన ర్యాంకింగ్ గురించి ఇచ్చిన వివరణలో ఎక్స్‌ప్లోర్ పేజీ దగ్గర లైకు, సేవ్, షేర్ మూడిటినీ పేరుపెట్టి చెప్పింది. రీల్స్ దగ్గరికి వచ్చేసరికి ముఖ్యంగా చెప్పినవి వేరు: చూసినవాళ్లు ఇంకొకరికి పంపుతారా, చివరిదాకా చూస్తారా, లైకు కొడతారా, ఆ ఆడియో పేజీకి వెళ్తారా. ఇంకో మాట, ఇవన్నీ మార్కులు కూడినట్టు కూడరు. ఈ మనిషికి ఈ రీల్ చూపిస్తే ఇతను ఆ పని చేస్తాడా అని ఒక్కొక్కరికీ అంచనా వేస్తారు. అందుకే మొక్కల రీల్స్ సేవ్ చేసుకునే అలవాటున్న ఆవిడకి మన రీల్ కనిపిస్తుంది, వాళ్లాయనకి కనిపించదు.

నాకు సేవ్ పనికొచ్చింది వేరేచోట. ఏప్రిల్‌లో గులాబీ రీల్‌కి అన్ని సేవ్‌లు వచ్చినా ఆ నెలలో మెసేజ్‌లు పెద్దగా రాలేదు. ఆ ఎండల్లో ఎవరు నాటతారు? జూన్ చివర్లో వానలు పట్టాక ఒక్కసారిగా మొదలయ్యాయి. చాలామంది ఆ పాత రీల్‌నే మాకు తిరిగి పంపి "ఈ రంగు ఉందా, పార్శిల్ ఎంత" అని అడిగారు. అంటే సేవ్ చేసినవాళ్లు దాన్ని సరుకుల చీటీలా దాచుకున్నారన్నమాట. లైకు కొట్టినవాళ్లు ఆ సాయంత్రమే మర్చిపోతారు. అప్పటి నుంచి సేవ్‌ల అంకెను నేను ర్యాంకింగ్ కోసం కాకుండా, ఏ మొక్క ఎంత తయారుచేసి ఉంచాలో తెలుసుకోవడానికి వాడుతున్నాను. మొన్న అడీనియం రీల్‌కి సేవ్‌లు వెయ్యికి 50 దాటాయి. వెంటనే ఇంకో బెడ్ వేశాం.

యూట్యూబ్ షార్ట్స్ కూడా పెడతారేమో. అక్కడ వ్యూస్ చూసి మోసపోకండి. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ఆడటం మొదలైతే చాలు వ్యూ కింద లెక్క వేస్తున్నారు. పాత పద్ధతి లెక్క కావాలంటే అనలిటిక్స్‌లో Engaged views అని విడిగా ఉంటుంది. చూసినవాళ్లెంత, తోసేసినవాళ్లెంత అనే అంకె కూడా అక్కడే ఉంటుంది, నేను ముందు దాన్నే తెరుస్తాను.

మీ కుండ రీల్ ఎందుకు వెళ్లిందో చూడకుండానే కొంత ఊహించగలను. పిండిలో ముంచిన గుడ్డ కుండ మీద పరిచి లాగగానే రేకు ఏర్పడుతుంది, దాన్ని చిరగకుండా ఎత్తుతారా లేదా అని చూసేవాళ్లు ఆగిపోతారు. మాకే ఎన్నిసార్లు చూసినా కళ్లు అటే పోతాయి. తెలియనివాళ్లు ఇది తినే వస్తువా, కాగితమా అని పక్కవాళ్లకి పంపుతారు. బాక్సుల రీల్‌లో ఆగి చూడాల్సిన క్షణం ఏదీ లేదు. ఇది నిజమో కాదో తేల్చుకోవాలంటే రెండు ఇన్‌సైట్స్ తెరిచి వెయ్యికి షేర్లు ఎన్నో లెక్కేయండి, తర్వాత గీత ఎక్కడ పడిందో చూడండి. కుండ రీల్‌లో రేకు పైకి లేచే దగ్గర గీత చదునుగా ఉంటే, ఈసారి సరిగ్గా అక్కడే మొదలుపెట్టి ఇంకోటి తీయండి. మీకు ట్రయల్ రీల్ ఆప్షన్ కనిపిస్తే అందులో పెట్టండి. అది ముందు ఫాలోవర్లు కానివాళ్లకే వెళ్తుంది కాబట్టి బంధువుల లైకులు లెక్కను పాడుచేయవు. బాక్సుల రీల్స్ కూడా పూర్తిగా మానకండి. దసరా, సంక్రాంతి ముందు పాత కస్టమర్లకి గుర్తుచేయడానికి అలాంటివే కావాలి, అక్కడ మీకు కావాల్సింది లైకులే.

ఒకటి మాత్రం మిమ్మల్నే అడగాలి. కుండ రీల్‌కి సేవ్‌లు ఎన్ని వచ్చాయి? షేర్లు బాగా ఉండి సేవ్‌లు అసలు లేకపోతే జనం వింతగా చూసి పంపుకున్నారు తప్ప కొనాలనుకోలేదని నాకు అనుమానం వస్తుంది. అలాగైతే రీల్ చివర రెండు సెకన్లు, ఎన్ని రేకులు ఎంత, ఎన్ని రోజులు నిలవ ఉంటాయి, ఆర్డర్ ఎలా ఇవ్వాలి అన్నది తెర మీద రాసి పెట్టి చూడండి. మా దగ్గర ధర, కుండీ సైజు రాసినప్పుడు సేవ్‌లు కనిపించేంత తేడాతో పెరిగాయి. ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.